పరీక్షకుల సవరణల జాబితా వచ్చింది: ఆరు నెలల గడువులో ఏది ముందు, ఏది తరువాత?

అయిదో అధ్యాయం

సభ్యులందరికీ నమస్కారం. నా థీసిస్ వైవా పూర్తయింది. ఇద్దరు పరీక్షకులు కలిసి ఇచ్చిన సవరణల జాబితా, దానితో పాటు ఆరు నెలల గడువు తెలిపే ఉత్తరం నాకు అందాయి. జాబితాలో 4 పెద్ద సవరణలు, 37 చిన్న సవరణలు ఉన్నాయి. ఉద్యోగం చేస్తున్నందువల్ల వారానికి సుమారు 12 గంటలకు మించి దీనికి కేటాయించలేను.

నా అధ్యయనం 12 ఆరోగ్య కేంద్రాలలోని 480 మంది రక్తపోటు రోగులకు సంబంధించినది. ఆరు కేంద్రాలలో కొత్త సలహా పద్ధతిని, మిగిలిన ఆరింటిలో మామూలు పద్ధతిని అమలుచేసి, తరువాత పై రక్తపోటులో వచ్చిన తేడాను చూశాను. పెద్ద సవరణలు ఇవి. మొదటిది, అయిదో అధ్యాయంలో ఒకే కేంద్రానికి చెందిన రోగులను ఒకరితో ఒకరికి సంబంధం లేనివారిగా లెక్కించాను, ఆ విశ్లేషణను మళ్ళీ చేయాలి. రెండవది, రెండో అధ్యాయంలోని పూర్వ పరిశోధనల సమీక్ష ఒక వాదంగా కాక జాబితాగా ఉంది, దాన్ని తిరిగి రాయాలి. మూడవది, మధ్యలో మానేసిన రోగులను ఎలా పరిగణించానో మూడో అధ్యాయంలో చెప్పాలి. నాలుగవది, ఏడో అధ్యాయంలోని నిర్ధారణలు ఫలితాలను మించి పోయాయి, వాటిని తగ్గించాలి.

మొదటి రెండు నెలల్లో 37 చిన్న సవరణలనూ పూర్తిచేసి, తరువాత మూడు నెలలు పెద్ద వాటిపై పనిచేసి, చివరి నెలను గైడ్ చదవడానికీ తుది ప్రతికీ ఉంచాలని అనుకుంటున్నాను. ఈ క్రమం సరైనదేనా?

ముందడుగు

సరైనదే అని నా అభిప్రాయం. జాబితా పొడవును చూస్తేనే మనిషికి పని మొదలుపెట్టబుద్ధి కాదు. 41 అంశాలలో 37 పూర్తయ్యాయని కాగితం మీద కనిపిస్తే మిగిలిన నాలుగింటిపై మనసు నిలుస్తుంది. పైగా గైడ్ అడిగినప్పుడు చూపించడానికి కొంత పని చేతిలో ఉంటుంది. అక్షర దోషాలు, రిఫరెన్సుల తీరు, పట్టికల శీర్షికలు వంటివాటికి పెద్దగా ఆలోచన అక్కరలేదు కాబట్టి మొదటి రెండు నెలలు అవసరం కూడా రాకపోవచ్చు, నెలలోనే అవి అయిపోతాయి.

అంతర్గత పరీక్షకుడు

నేను కొన్ని థీసిస్‌లకు అంతర్గత పరీక్షకుడిగా ఉన్నాను. సవరించిన ప్రతులు తిరిగి వచ్చినప్పుడు వాటిని సరిచూసే పని నాదే. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ క్రమాన్ని దాదాపుగా తలకిందులు చేయాలి.

పరీక్షకులు ఒక సవరణను పెద్దది అన్నప్పుడు, అది చేయకపోతే పట్టా ఇవ్వలేమన్న తీవ్రతను చెబుతున్నారే తప్ప అది ఎన్ని వారాల పని అన్నది చెప్పడం లేదు. మీ నాలుగవ పెద్ద సవరణ బహుశా మూడు పేజీల పని. కానీ అయిదో అధ్యాయం ఫలితం తేలేదాకా దానిలో ఒక్క వాక్యం కూడా రాయలేరు. దానికి భిన్నంగా, చిన్న సవరణల్లో ఒక వాక్యంగా కనిపించేది కొన్నిసార్లు పాత రిజిస్టర్లు వెతికించి నెల రోజులు తినేస్తుంది. కాబట్టి ప్రణాళికకు ఆధారం పెద్దదా చిన్నదా అన్న ముద్ర కాకూడదు. ఏ అంశం దేనిపై ఆధారపడి ఉంది, ఏ అంశానికి వేరొకరి జవాబు కావాలి అన్న రెండు ప్రశ్నలే కావాలి.

అక్షర దోషాలను ముందే సరిచేయడంలో ఉన్న అసలు చిక్కు కూడా ఇదే. మీరు రెండో అధ్యాయాన్ని తిరిగి రాస్తే, అందులో ముందే సరిచేసిన పేరాలు చాలావరకు ఉండనే ఉండవు. కొత్తగా రాసినచోట కొత్త తప్పులు వస్తాయి, వాటికోసం చివర్లో మళ్ళీ చదవక తప్పదు. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, పరీక్షకుల జాబితాలోని పేజీ సంఖ్యలన్నీ మీరు వైవాకు సమర్పించిన ప్రతివి. మీరు ఏ నాలుగు పేరాలు కదిపినా ఆ సంఖ్యలు పనికిరాకుండా పోతాయి. అందువల్ల సమర్పించిన ప్రతిని ఎవరూ మార్చడానికి వీల్లేని విధంగా పక్కన పెట్టి, సవరణలను వేరే ప్రతిలోనే మొదలుపెట్టండి.

వీలైతే చిన్న సవరణల్లో మీకు అనుమానంగా ఉన్నవాటిని ఇక్కడ రాయండి.

ప్రచురణ పథం

ఇంత కంగారు అవసరం లేదనిపిస్తోంది. సమీక్షకులు అడిగినవన్నీ చేయాలన్న నియమం ఏదీ లేదు. పత్రికకు పంపిన వ్యాసం విషయంలో నేను ప్రతి అంశానికీ జవాబు రాసి, అంగీకరించని చోట కారణం వివరించి సంపాదకుడికి పంపాను. నమూనా విశ్లేషణ విషయంలో మీ పద్ధతిని సమర్థించే పాత వ్యాసాలు నాలుగు చూపిస్తే సరిపోతుంది. కుదరకపోతే మరో పత్రికకు పంపవచ్చు.

అంతర్గత పరీక్షకుడు

ప్రచురణ పథం గారూ, ఇది పత్రికకు పంపిన వ్యాసం కాదు, థీసిస్. ఇక్కడ మరో పత్రిక అంటూ ఉండదు, తీర్పు చెప్పేది ఈ ఇద్దరు పరీక్షకులే. ఒక అంశంతో విభేదించే అవకాశం థీసిస్‌లోనూ ఉంది. కానీ ముందుగా గైడ్‌తో మాట్లాడి, విభేదానికి కారణాన్ని థీసిస్ పాఠంలోనే వాదంగా చేర్చి, దాన్నే జవాబు పట్టికలో చూపాలి. అదైనా ఒకటి రెండు చిన్న విషయాలలో చెల్లుతుంది. ఆరు కేంద్రాలకు ఒక పద్ధతి, ఆరు కేంద్రాలకు మరొక పద్ధతి ఇచ్చి, కేంద్రాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం మాత్రం సమర్థించుకోగలిగిన విషయం కాదు.

అయిదో అధ్యాయం

ధన్యవాదాలు. నాకు స్పష్టంగా అర్థం కాని చిన్న సవరణలను పరీక్షకుల మాటల్లోనే ఇస్తున్నాను.

9: "పట్టిక 5.3లో మొత్తం 471 ఉంది. 480 ఎందుకు కాలేదు?"
17: "అధ్యయనంలో చేరడానికి నిరాకరించిన రోగుల సంఖ్యను కేంద్రాలవారీగా ఇవ్వాలి."
22: "చిత్రం 4.2లోని అక్షరాలు చదవడానికి వీలుగా లేవు."
30: "విభాగం 2.6ను కుదించాలి."
31: "సారాంశంలో ప్రధాన ఫలితం స్పష్టంగా లేదు."

నిరాకరించినవారి వివరాలు నా దగ్గర లేవు. అవి ఆయా కేంద్రాల రిజిస్టర్లలో ఉండాలి.

అంతర్గత పరీక్షకుడు

ఈ అయిదింటిలో నిజంగా చిన్నది 22 ఒక్కటే. ఆ చిత్రాన్ని ఏ సాయంత్రమైనా తిరిగి గీయవచ్చు.

9వ అంశం చిన్న ప్రశ్నలా కనిపిస్తున్నా, అది మీ మూడవ పెద్ద సవరణకు మరో ముఖం. ఆ తొమ్మిది మంది ఎక్కడికి పోయారు అన్నదానికి జవాబే మానేసినవారిని ఎలా పరిగణించారన్న ప్రశ్నకు కూడా జవాబు. పైగా అది తేలకుండా అయిదో అధ్యాయాన్ని తిరిగి విశ్లేషిస్తే, ఎంతమందిని విశ్లేషిస్తున్నారో తెలియకుండానే చేసినట్టవుతుంది. కాబట్టి 9ని అన్నిటికన్నా ముందు చేయండి.

17వ అంశంలో మీ చేతిలో ఉన్న పని లేఖ రాయడం వరకే, మిగతాది 12 కేంద్రాల చేతిలో ఉంది. ఈ వారమే లేఖలు పంపండి. ఆ రిజిస్టర్లను చూడటానికి మీకున్న నైతిక సమీక్షా సంఘం అనుమతి ఇప్పటికీ చెల్లుతుందో లేదో కూడా ఈ వారమే గైడ్‌ను అడగండి. అనుమతిని పొడిగించవలసి వస్తే ఆ సంఘం సమావేశాల తేదీలు మీ వీలును బట్టి ఉండవు. కొన్ని కేంద్రాలు జవాబివ్వకపోతే, వచ్చినంతవరకు పట్టికలో చూపి, రానివాటిని పరిమితిగా రాయడం సాధారణంగా ఒప్పుకుంటారు. కానీ మీరు ఎప్పుడు అడిగారో చూపగలగాలి.

30వ అంశం రెండో అధ్యాయాన్ని తిరిగి రాయడంలో కలిసిపోతుంది, దానికి విడిగా సమయం వద్దు. 31 అన్నిటికంటే చివర.

ఇదే తీరున మొత్తం 41 అంశాలనూ ఒక పట్టికగా వేయండి. ఒక్కో వరుసలో అంశం సంఖ్య, పరీక్షకుల మాటలు యథాతథంగా, పాత పేజీ, ఆ అంశం ఏ ఇతర అంశం తేలితే మొదలవుతుంది, ఎవరి జవాబు కోసం ఆగాలి, చివరికి చేసిన మార్పు, కొత్త పేజీ ఉండాలి. ఒకే అంశంలో రెండు కోరికలు ఉంటే దాన్ని రెండు వరుసలుగా విడదీయండి. రెండవ సగాన్ని మరిచిపోయి పంపడం నేను తరచుగా చూసే లోపం. మధ్యలో ఉన్న రెండు నిలువు వరుసలను చివర్లో తీసేస్తే, ఆ పట్టికే పరీక్షకులకు మీరిచ్చే జవాబు పత్రం అవుతుంది.

విచలనం

నేను గణాంక శాస్త్రం వైపునుంచి ఒక మాట చేరుస్తాను, ఎందుకంటే మీ ప్రణాళిక మొత్తం దీనిపైనే నిలుస్తుంది. పూర్తి విశ్లేషణకు కూర్చోకముందే, కొత్త లెక్కలో మీ నిర్ధారణ నిలుస్తుందా లేదా అన్నది ఒక పూటలో ఉజ్జాయింపుగా తేల్చుకోండి. నిలిస్తే మీరు మార్చవలసింది ఒక అధ్యాయం. నిలవకపోతే ఆరో అధ్యాయంలోని చర్చ, ఏడులోని నిర్ధారణలు, సారాంశం, ఉపోద్ఘాతంలోని వాగ్దానాలు అన్నీ మారుతాయి. ఈ రెండింటికీ ఒకే క్యాలెండర్ వేయలేరు.

ఉజ్జాయింపు ఇలా చేయవచ్చు. కేంద్రానికి సగటున 40 మంది ఉన్నారు. ఒకే కేంద్రంలోని రోగుల మధ్య పోలిక, అంటే అంతర్గత సహసంబంధం 0.05 అనుకుందాం. అప్పుడు విస్తృతి పెరిగే గుణకం 1 + (40 − 1) × 0.05, అంటే 2.95. మీ 480 మంది ఇచ్చే సమాచారం దాదాపు 163 మంది స్వతంత్ర రోగులు ఇచ్చేదానితో సమానం. ప్రామాణిక దోషం 2.95 వర్గమూలం మేరకు, అంటే సుమారు 1.7 రెట్లు పెరుగుతుంది. మీ పాత అధ్యాయంలో తేడా ఎంత, ప్రామాణిక దోషం ఎంత?

అయిదో అధ్యాయం

తేడా 4.0 మిల్లీమీటర్లు, ప్రామాణిక దోషం 1.4. విశ్వాస అంతరం 1.3 నుండి 6.7 వరకు అని రాశాను.

విచలనం

అయితే పై ఊహ ప్రకారం ప్రామాణిక దోషం సుమారు 2.4 అవుతుంది. అంతేకాక, చికిత్స కేంద్రాల స్థాయిలో ఇచ్చారు కాబట్టి 12 కేంద్రాలకు 10 స్వాతంత్ర్య పరిమాణాలే మిగులుతాయి. 1.96 బదులు 2.23తో గుణించాలి. అంతరం సుమారు −1.4 నుండి 9.4 వరకు వస్తుంది, అంటే సున్నాను దాటుతుంది. 0.05 నా ఊహ మాత్రమే. మీ దత్తాంశంతో సరిచూడటానికి తేలిక మార్గం ఒకటుంది. ప్రతి కేంద్రానికీ ఒక సగటు తీయండి, ఆరు సగటులను మరో ఆరు సగటులతో సాధారణ టీ పరీక్షలో పోల్చండి. అది స్థూలమైన పద్ధతే అయినా తప్పు పద్ధతి కాదు.

రాత్రి బల్ల

నేను ఉద్యోగం చేస్తూ సవరణలు పూర్తిచేసినవాణ్ణి. గంటల లెక్క గురించి ఒక మాట చెబుతాను. వారానికి 12 గంటలు అనుకున్నప్పుడు ఆ గంటలన్నీ ఒకే రకమైనవి కావు. సెలవు రోజు ఉదయం వరుసగా దొరికే నాలుగు గంటలు వేరు, పని నుండి వచ్చాక దొరికే గంటన్నర వేరు. విశ్లేషణ, రెండో అధ్యాయం రాయడం వంటి పనులను సాయంత్రాలకు వేస్తే, ఎక్కడ ఆపామో గుర్తుచేసుకోవడంలోనే సగం సమయం పోతుంది. నేను పట్టికలో ప్రతి వరుసకూ పొడవు పని, పొట్టి పని అని గుర్తు పెట్టుకుని, పొట్టివాటిని మాత్రమే సాయంత్రాలకు వదిలాను. ముందడుగు గారు చెప్పినదానిలో ఈ మేరకు నిజం ఉంది. చిన్న సవరణలు అలసిన గంటలకు సరిపోతాయి.

అంతర్గత పరీక్షకుడు

దీనితో ఏకీభవిస్తాను, ఒక షరతు మీద. ఆ సాయంత్రాలను ఇక మారని అధ్యాయాలపైనే పెట్టాలి. ఈ థీసిస్‌లో ఒకటో అధ్యాయంలోని వాగ్దానాలు మినహా మిగిలిన భాగం, నాలుగో అధ్యాయం మొత్తం అటువంటివి. రెండు, అయిదు, ఆరు, ఏడు అధ్యాయాల్లోని అక్షర దోషాలను ముట్టుకోకూడదు.

ముందడుగు

అధ్యాయాలవారీగా విడదీయాలన్నది నాకు తోచలేదు, అది బాగానే ఉంది. అయినా రిఫరెన్సుల తీరును ఒకేసారి సరిచేయడం మేలని ఇప్పటికీ అనుకుంటున్నాను, సాఫ్ట్‌వేర్‌లో శైలిని ఒక్కసారి మారిస్తే అన్ని అధ్యాయాలకూ వర్తిస్తుంది కదా.

అయిదో అధ్యాయం

విచలనం గారు చెప్పినట్టు కేంద్రాల సగటులతో చేశాను. తేడా 3.8, ప్రామాణిక దోషం 2.2, విశ్వాస అంతరం −1.1 నుండి 8.7. కేంద్రాల్లో రోగుల సంఖ్య 28 నుండి 55 వరకు ఉండటం వల్ల తేడా కొద్దిగా మారింది. అంటే కొత్త పద్ధతి పనిచేసిందని నేను రాసిన వాక్యం నిలవదు. గైడ్‌కు ఇంకా చెప్పలేదు. ఇప్పుడు ప్రణాళిక ఎలా మారాలి?

అంతర్గత పరీక్షకుడు

ముందుగా ఈ మూడు సంఖ్యలను ఒక పేజీలో రాసి గైడ్‌కు ఈరోజే పంపండి. ఫలితం మారడం వల్ల థీసిస్ విఫలమవదు. పరీక్షకులు ఆ సవరణ అడిగినప్పుడే ఇలా జరగవచ్చని వారికి తెలుసు. పాత నిర్ధారణను అలాగే ఉంచి కొత్త పట్టికను మాత్రం చేర్చిన ప్రతిని మాత్రం వెనక్కి పంపుతారు, నేనైనా పంపుతాను. అంతరం సున్నాను దాటితే తేడా లేదని తేలినట్టు కాదు. 8.7 వరకు ప్రయోజనం ఉండే అవకాశాన్ని ఈ దత్తాంశం తోసిపుచ్చడం లేదు, 12 కేంద్రాలతో అంతకన్నా ఖచ్చితంగా చెప్పలేకపోయాం అన్నదే సరైన వాక్యం. మీ నాలుగవ పెద్ద సవరణకు జవాబు కూడా దానిలోనే ఉంది.

ఇక క్యాలెండర్‌ను గడువు నుండి వెనక్కి వేద్దాం. గడువు ఉత్తరం తేదీ నుండి లెక్కిస్తున్నారా, వైవా తేదీ నుండా అన్నది ముందు ఖాయం చేసుకోండి. ఆరు నెలలంటే 26 వారాలు. చివరి రెండు వారాలను ఖాళీగా ఉంచి, 24వ వారం చివర సమర్పించేటట్టు పెట్టుకోండి. 23, 24 వారాలు గైడ్ వ్యాఖ్యలను సరిచేయడానికి, మొత్తం థీసిస్‌లో అక్షర దోషాల కోసం ఒక్క నిండు చదువుకు, జవాబు పత్రంలో కొత్త పేజీ సంఖ్యలు వేయడానికి. 20 నుండి 22 వరకు గైడ్ చదువుతారు. ఆ మూడు వారాలు ఏ నెలలో పడుతున్నాయో చూసి, అప్పుడు ఆయన అందుబాటులో ఉంటారో లేదో ఇప్పుడే అడగండి. అంటే మీ రచన 19వ వారం చివరికి పూర్తి కావాలి.

ఇప్పుడు ముందునుండి చూద్దాం. మొదటి వారం పట్టిక, లేఖలు, 9వ అంశంలోని తొమ్మిది మంది లెక్క. 2 నుండి 6వ వారం వరకు విశ్లేషణ. 6వ వారం చివర ఫలితాలకు తాళం వేయాలి. ఆ తరువాత ఒక్క సంఖ్య కూడా మారకూడదు, మారితే గైడ్ అనుమతితోనే మారాలి. ఈ తేదీ లేకపోతే ప్రతి వారం మరో చరాంశాన్ని చేర్చి చూడాలన్న కోరిక పుడుతూనే ఉంటుంది, దానితో ఆరు, ఏడు అధ్యాయాలు మొదలే కావు. 7 నుండి 9 వరకు అయిదో అధ్యాయం, దాని పట్టికలు. 10వ వారం మూడో అధ్యాయం. 10వ వారంలోనే అయిదో అధ్యాయాన్ని గైడ్‌కు ఇచ్చి, ఆయన చదువుతున్న కాలంలో 11 నుండి 15 వరకు రెండో అధ్యాయం రాయండి, ఎందుకంటే అది మీ ఫలితాలపై ఆధారపడదు. 16 నుండి 18 వరకు ఆరు, ఏడు. 19లో ఒకటో అధ్యాయంలోని వాగ్దానాలు, ఆఖరున సారాంశం.

6వ వారం చివర ఫలితాలు తేలకపోతే దాన్ని ప్రమాద సూచనగా తీసుకుని, 8వ వారం దాటకముందే గైడ్‌తో గడువు పొడిగింపు గురించి మాట్లాడండి. 25వ వారంలో పొడిగింపు అడిగితే కారణం నమ్మశక్యంగా ఉండదు.

రాత్రి బల్ల

లెక్క ప్రకారం 19 వారాలకు 228 గంటలు. అందులో నాలుగో వంతు ఎలాగూ పోతుందనుకోండి, చేతికి 170 గంటలు మిగులుతాయి. విశ్లేషణకే 60 వేశారు. రెండో అధ్యాయానికి అయిదు వారాలు సరిపోతాయా అన్నది నాకు అనుమానమే. జాబితాను వాదంగా మార్చడం అంటే కొన్ని వ్యాసాలు మళ్ళీ చదవాలి.

అంతర్గత పరీక్షకుడు

ఆ అనుమానం సబబే. రెండో అధ్యాయం ఎంతకీ ముగియకపోవడానికి కారణం, ఎక్కడ ఆపాలో సవరణలో రాసి ఉండకపోవడం. వాదంగా రాయండి అన్నదానికి కొలత లేదు. అందుకని 11వ వారం కోసం ఆగకుండా, ఒక పేజీలో అధ్యాయం కొత్త నిర్మాణాన్ని రాయండి. ఏ విభాగం ఏ ప్రశ్నకు జవాబిస్తుంది, ఏ విభాగాలు పోతాయి, కేంద్రాల స్థాయిలో జరిగిన పూర్వ అధ్యయనాలు ఎక్కడ వస్తాయి అన్నది అందులో ఉండాలి. దాన్ని గైడ్ ద్వారా అంతర్గత పరీక్షకులకు పంపి, ఈ దిశ అంగీకారమేనా అని అడగమనండి. మీరు నేరుగా పరీక్షకులకు రాయవద్దు, చాలా చోట్ల నియమాలు దానికి ఒప్పుకోవు. కొన్ని చోట్ల గైడ్ ద్వారా కూడా కుదరదు, అప్పుడు వైవా నివేదికలోని మాటలే ఆధారం.

తోక చుక్క

నాదీ ఇదే పరిస్థితి, కాబట్టి ఒక సందేహం. గైడ్‌కు అధ్యాయాలను విడివిడిగా ఇవ్వాలా, అన్నీ కలిపి ఒకేసారి ఇవ్వాలా? నా గైడ్ విడిగా ఇస్తే ప్రతిసారీ కొత్త కోరికలు చేరుస్తున్నారు. పరీక్షకులు అడగనివి కూడా మార్చమంటున్నారు.

అంతర్గత పరీక్షకుడు

విశ్లేషణ మారిన అధ్యాయాన్ని విడిగా ముందే ఇవ్వాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే దానిలో లోపం ఉంటే 20వ వారంలో తెలియకూడదు. మిగిలినవి కలిపి ఇవ్వవచ్చు. పరీక్షకులు అడగని మార్పులు వీలైనంతవరకు వద్దు. నేను సరిచూసేటప్పుడు జవాబు పత్రంలో లేని మార్పు కనిపిస్తే, ఇంకెక్కడ ఏమి మారిందో అని మొత్తం చదవవలసి వస్తుంది. మీకే ఒక తప్పు కనిపించి దాన్ని సరిదిద్దితే, జవాబు పత్రం చివర స్వయంగా చేసిన మార్పులు అన్న శీర్షిక కింద చూపండి.

రాత్రి బల్ల

విడిగా ఇవ్వడం మీద నాకు అంత నమ్మకం లేదు. మా గైడ్ అయిదో అధ్యాయాన్ని ఒంటరిగా చదివి, ఆరో అధ్యాయంలో ఉన్న వివరణనే అక్కడ రాయమన్నారు. కలిపి చదివి ఉంటే ఆ వ్యాఖ్య వచ్చేది కాదు.

కూర్పరి

మార్పులను గుర్తించి చూపడం గురించి ఎవరూ చెప్పలేదు. వర్డ్‌లో రాసినవారు పాత ప్రతినీ కొత్త ప్రతినీ పోల్చే సదుపాయంతో చివర్లో ఒకేసారి తేడాల ప్రతిని తయారు చేసుకోవచ్చు, రాస్తున్నంతసేపూ మార్పుల గుర్తింపును తెరిచి ఉంచనక్కరలేదు. లాటెక్‌లో రాసి, అధ్యాయాలు వేరువేరు ఫైళ్ళలో ఉంటే ఈ ఆదేశం చాలు.

```
latexdiff --flatten old/main.tex new/main.tex > diff.tex
```

పట్టికలు, సమీకరణాలు బాగా మారిన చోట వచ్చిన ఫైలు కొన్నిసార్లు కంపైల్ కాదు. అందుకని దీన్ని ఆఖరి రాత్రికి వదలకుండా, అయిదో అధ్యాయం పూర్తికాగానే ఒకసారి ప్రయత్నించండి.

ప్రచురణ పథం

నేను ప్రశ్నను పొరపాటుగా అర్థం చేసుకున్నానని గ్రహించాను. అయితే నా వైపునుంచి ఒక ప్రశ్న మిగిలి ఉంది. అయిదో అధ్యాయాన్ని వ్యాసంగా ఎక్కడైనా పంపారా? పంపి ఉంటే పాత లెక్కతో అది అచ్చయ్యే ప్రమాదం ఉంది.

అయిదో అధ్యాయం

పంపాను, ఇంకా సమీక్షలో ఉంది. ఇది నాకు తట్టనే లేదు.

ప్రచురణ పథం

అయితే గైడ్‌తోనూ సహరచయితలతోనూ మాట్లాడి, విశ్లేషణను సవరిస్తున్నామని సంపాదకుడికి రాయండి. వ్యాసాన్ని ఉపసంహరించుకోవాలా, సవరించిన ప్రతి పంపాలా అన్నది సంపాదకుడు చెబుతారు. ఆ లేఖను కూడా మీ మొదటి వారం పనుల్లో చేర్చండి.

అయిదో అధ్యాయం

గైడ్‌తో మాట్లాడాను. అంతరం చూసి ఆయన ఆశ్చర్యపోలేదు. 6వ వారం చివరి తేదీకి, గైడ్ చదివే మూడు వారాలకు అంగీకరించారు. కేంద్రాలకు లేఖలు వెళ్ళాయి. 471 సంగతి కూడా కొంత తేలింది. తొమ్మిది మందిలో ఏడుగురికి చివరి కొలత లేదు, ఇద్దరు మధ్యలో మరో కేంద్రానికి మారారు. ఆ ఇద్దరినీ మొదట చేరిన కేంద్రంలోనే లెక్కించాలని గైడ్ అన్నారు.

తేలనిది ఒకటే. ప్రధాన పట్టికలో బహుళ స్థాయి నమూనాను చూపాలని గైడ్ అంటున్నారు, ఎందుకంటే దానిలో మొదటి రక్తపోటును కూడా పరిగణించవచ్చు. 12 కేంద్రాలకు అది సరిపోతుందా?

విచలనం

మొదటి రక్తపోటును చేర్చడం నిజంగా లాభమే, దానివల్ల అంతరం కొంత ఇరుకు కావచ్చు. కానీ 12 కేంద్రాలు తక్కువ. కేంద్రాలు తక్కువైనప్పుడు చేసే సవరణ, ఉదాహరణకు కెన్‌వర్డ్–రోజర్ పద్ధతి, లేకుండా బహుళ స్థాయి నమూనా ఇచ్చే అంతరాన్ని నేను నమ్మను. నేనైతే కేంద్రాల సగటుల పట్టికనే ప్రధానంగా పెట్టి, నమూనాను పక్కన చూపుతాను. మీ గైడ్ దీనికి ఒప్పుకోకపోవచ్చు, ఆయన వాదనలోనూ బలం ఉంది. ఏది ప్రధానమో మాత్రం బహుళ స్థాయి నమూనాను నడపకముందే తేదీతో సహా రాసి పెట్టండి. సగటుల ఫలితం మీరు ఇప్పటికే చూశారు కాబట్టి ఆ సంగతి కూడా దానిలోనే రాయండి. రెండు ఫలితాలూ చూశాక ఎంచుకుంటే, పరీక్షకులు ఎలా ఎంచుకున్నారని అడిగినప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు.